బస్టాప్‌లో మట్టి కుక్క: ఒక చిన్న కథను మొదటి నుంచి చివరి దాకా కట్టే పద్ధతి

ఒక పిల్లవాడు బస్టాప్‌లో కూర్చుని ఉంటాడు. పక్కన చెప్పుల డబ్బా, అందులో తను చేసిన మట్టిబొమ్మలు. అవి కదులుతున్నాయని ఊహించుకుంటాడు. ఇతివృత్తం ఇంతే. వినడానికి సులువుగానే ఉంటుంది. రాయడానికి కూర్చున్నాక మాత్రం రెండో పేజీలోనే ఇబ్బంది మొదలవుతుంది. బొమ్మలు లేచి ఆడతాయి, పాడతాయి, ఎగురుతాయి. ఇక ఏం చేయించాలో తోచక ‘ఇంతలో హారన్ మోగింది, వాడు ఉలిక్కిపడ్డాడు’ అని ముగించేస్తాం. బొమ్మలు ఎందుకు కదిలాయో తేల్చుకోకుండా కదిలించడం వల్లనే ఇలా అవుతుంది.

ఈ కథను హైదరాబాద్‌లో, మాసబ్ ట్యాంక్ బస్టాప్‌లో పెట్టి ఒక్కో అడుగూ వేద్దాం. పెద్ద కథ అక్కర్లేదు, వెయ్యి నుంచి పన్నెండు వందల మాటలు చాలు. అంతకు మించి సాగదీస్తే ఊహ పలచబడుతుంది.

మొదటి అడుగు: పిల్లవాడిని కట్టి పడేయండి

బొమ్మల సంగతి తర్వాత. ముందు పిల్లవాడు అక్కడ ఎందుకున్నాడో, అక్కడి నుంచి ఎందుకు కదలలేడో తేల్చుకోవాలి. ‘బస్సు కోసం ఎదురుచూస్తున్నాడు’ అంటే సరిపోదు. బస్సు వస్తే ఎక్కుతాడు, రాకపోతే ఆటో ఎక్కుతాడు. అందులో పట్టు లేదు.

మన పిల్లవాడి పేరు చందు, ఎనిమిదేళ్లు, మూడో తరగతి. వాళ్లమ్మ దగ్గర్లోని ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. స్కూలు వదిలాక ఆటో అన్న వాడిని ఈ స్టాపు దగ్గర దింపి పోతాడు. ఆమె డ్యూటీ దిగి వచ్చాక ఇద్దరూ కలిసి సికింద్రాబాద్ వైపు వెళ్లే 5కె బస్సు ఎక్కుతారు. రోజూ పొద్దున ఆమె చెప్పే మాట ఒకటే: “ఈ బెంచి మీదనే కూసో. నేనొచ్చేదాక కదలకు.” ఇవాళ ఆమె ఇంకా రాలేదు.

ఈ ‘కదలకు’ అన్న మాటే కథకు ఇరుసు. వాడికి లేచి రోడ్డు చివరి దాకా వెళ్లి చూడాలనుంది, కానీ కదలకూడదు. అందుకని వాడి బదులు మట్టి కదులుతుంది. ఇది ఖాయమైతే బొమ్మలతో ఏం చేయించాలన్న ప్రశ్నే ఉండదు. వాడు చేయలేనిదే అవి చేస్తాయి. గాల్లో ఎగరవు, పాటలు పాడవు. రోడ్డు వైపు చూస్తాయి, బెంచి చివరి దాకా వెళ్తాయి, ఎవరైనా వస్తున్నారేమోనని ఆగి వింటాయి.

వయసు విషయంలో కూడా జాగ్రత్త పడాలి. నాలుగేళ్ల పిల్లవాడు బొమ్మ నిజంగానే నడుస్తుందని నమ్మేస్తాడు. పన్నెండేళ్లవాడు పక్కన ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడతాడు. మట్టి కదలదని ఎనిమిదేళ్లవాడికి బాగా తెలుసు, అయినా కదిలిస్తాడు. ఈ కథకు కావలసింది ఆ వయసే.

రెండో అడుగు: రాసే ముందు మట్టి పిసకండి

ఇది అలంకారానికి చెప్తున్న మాట కాదు. వినాయక చవితి రోజుల్లో హైదరాబాద్‌లో బంకమట్టి దొరకడం కష్టం కాదు. అరకిలో తెచ్చుకుని, బొటనవేలంత మందం కాళ్లతో ఒక కుక్కను చేయండి. స్టీలు పళ్లెం మీద నిలబెట్టి, ఒక గంట తర్వాత చూడండి. కథకు కావలసిన వివరాల్లో సగం అక్కడే కనిపిస్తాయి.

తడిమట్టి ముదురు రంగులో, కాస్త మెరుస్తూ ఉంటుంది. ఆరుతున్న కొద్దీ రంగు తేలిపోతుంది. పలచగా ఉన్న చోట ముందు ఆరుతుంది కాబట్టి తోక కొస, చెవులు తెల్లబడుతుంటే పొట్ట ఇంకా తడిగానే ఉంటుంది. ఆరే మట్టి కుంచించుకుపోతుంది. తోక ముందే ఆరి బిగుసుకుని, ఒళ్లు ఇంకా తడిగా ఉంటే, ఆ రెండూ కలిసిన చోట సన్నగా పగులు కనిపిస్తుంది. చేయి తిరిగినవాళ్లు అతికించే రెండు వైపులా చీపురుపుల్లతో గీతలు గీసి, నీళ్లలో జారుగా కలిపిన మట్టి పూసి అదుముతారు. మూడో తరగతి పిల్లవాడు అవేవీ చేయడు. ఉత్తినే ఒత్తి పెడతాడు, అందుకే వాడి బొమ్మల తలలు, కాళ్లు అతుకు దగ్గరే ఊడతాయి.

మరో సంగతి మీ పళ్లెమే చెప్తుంది. తడి కాళ్లతో నిలబెట్టిన బొమ్మ స్టీలును పట్టుకుంటుంది. గంట తర్వాత తోక పట్టుకుని లాగితే కుక్క లేస్తుంది, కానీ ఒక కాలు పళ్లెం మీదే ఉండిపోవచ్చు. దీన్ని గుర్తు పెట్టుకోండి, కథ చివర్లో పనికొస్తుంది.

బొమ్మలు ఎన్ని ఉండాలి? డబ్బా నిండా పెడితే పాఠకుడు ఏదీ గుర్తుపెట్టుకోడు. మూడు చాలు. చందు దగ్గర ఒక ఎద్దు, ఒక మనిషి, ఒక కుక్క ఉన్నాయి. ఎద్దు నిన్నటిది, పూర్తిగా ఆరి బూడిదరంగుకు వచ్చింది. పొలాల అమాసకు ఊళ్లో అవ్వ చేసి చూపించినట్టే చేశాడు. మనిషి తల కొద్దిగా పక్కకు ఒరిగింది. కుక్క ఇవాళ స్కూల్లో మట్టి వినాయకుడిని చేయించగా మిగిలిన ముద్దతో చేసింది, ఇంకా తడిగా ఉంది.

మూడూ ఒకేలా కదలకూడదు. ఆరిపోయిన ఎద్దు కదిలితే పగుళ్లు వస్తాయి కాబట్టి అది దాదాపు కదలదు, కళ్లతోనే చూస్తుంది. మనిషికి మెడ తిప్పాలంటే భయం, తల ఊడుతుందని. తడిగా ఉన్న కుక్క ఒక్కటే వంగగలదు, సాగగలదు. బొమ్మల యానిమేషన్ చేసేవాళ్లు కాళ్లలో తీగ పెట్టుకునేది ఇందుకే, తీగ లేని మట్టికాలు ఎత్తితే విరుగుతుంది. మన కుక్కకు తీగ లేదు, మోకాళ్లూ లేవు. అది ‘పరుగెత్తింది’ అని రాస్తే మట్టి అన్న సంగతే మరిచిపోయినట్టు. ముందు ఒళ్లు సాగుతుంది, తర్వాత కాళ్లు వెనకే జారతాయి. నడుము మీద చందు బొటనవేలి ముద్ర ఉంది కదా, సాగినప్పుడు ఆ ముద్ర గీతలు కూడా వెడల్పవుతాయి. ఇలాంటి ఒక్క వివరం దొరికితే ‘ప్రాణం వచ్చింది’ అని విడిగా చెప్పే పని ఉండదు.

మూడో అడుగు: స్టాపును పనిలో పెట్టండి

బస్టాప్ వెనక కట్టిన పరదా కాదు. అక్కడ జరిగేవే బొమ్మలను కదిలించాలి. మాసబ్ ట్యాంక్ దగ్గర ఫ్లైఓవర్ ఉంది, కింద ట్రాఫిక్ ఆగదు, మెహదీపట్నం నుంచి వచ్చే బస్సులు ఆగుతుంటాయి. వాటిలో డీజిల్ బస్సులున్నాయి, ఎలక్ట్రిక్ బస్సులూ ఉన్నాయి. ఈ తేడాయే మన కథకు దొరికిన అదృష్టం.

డీజిల్ బస్సు వచ్చి ఆగి, ఇంజన్ ఆపకుండా నిలబడితే దడదడమని అదురుతుంది. బోల్టు వదులైన స్టీలు బెంచి కూడా దాంతో పాటు గలగలమంటుంది. బెంచి మీద బొమ్మలు వణుకుతాయి. ఇది ఊహ కాదు, నిజంగా జరిగేది. ఎలక్ట్రిక్ బస్సు ఆగినప్పుడు ఆ అదురు ఉండదు.

ఇప్పుడు వరుస చూడండి. మొదట డీజిల్ బస్సు వస్తుంది, కుక్క తోక వణుకుతుంది. చందు చూస్తాడు. రెండోసారి మరో డీజిల్ బస్సు వస్తుంది, ఈసారి తోకతో పాటు తల కూడా తిరిగిందా అని సందేహం. మూడోసారి ఎలక్ట్రిక్ బస్సు వస్తుంది. బెంచి అదరదు. అయినా కుక్క లేస్తుంది. మొదటిసారి కారణం బయట ఉంది, మూడోసారి కారణం పూర్తిగా పిల్లవాడి లోపలే ఉంది. పాఠకుడు ఏ మెట్టు దగ్గర నేల వదిలాడో వాడికే తెలియకుండా మీరు పైకి తీసుకెళ్లారన్న మాట.

మూడు బస్సులు వచ్చి పోయాయంటే టైం గడిచిందని కూడా తెలిసిపోతుంది. ‘అమ్మ ఇంకా రాలేదు’ అని మళ్లీ మళ్లీ రాయకండి, టెన్షన్ పెరగదు సరికదా విసుగొస్తుంది. తోక కొస తెల్లబడిందని ఒకచోట, చెవులు కూడా తెల్లబడ్డాయని ఇంకొకచోట రాస్తే అదే గడియారం.

నాలుగో అడుగు: క్రియ ఎక్కడ ముగుస్తుందో చూసుకోండి

చాలా కథలు దెబ్బతినేది ఇక్కడే. ‘కదిలినట్టు అనిపించింది’, ‘నడుస్తున్నట్టు ఊహించుకున్నాడు’, ‘మాట్లాడుతున్నట్టుగా తోచింది’ అంటూ ప్రతి వాక్యానికీ ఒక తోక తగిలిస్తాం. ఇది ఊహే సుమా, పొరపడకండి అని రచయిత అడుగడుగునా పాఠకుడి చేయి పట్టుకుని చెప్తున్నట్టు ఉంటుంది. అలాగని మొదటి వాక్యం నుంచే ‘కుక్క లేచి మొరిగింది’ అంటే అది మాయల కథ అయిపోతుంది.

నేను పాటించే లెక్క ఇది. మొదటి కదలిక నిజంగా జరిగింది కాబట్టి మామూలు భూతకాలంలో రాయాలి. రెండోదానికి సందేహం ఉంది కాబట్టి ‘ట్టు’ వాడాలి, కథ మొత్తంలో ఆ ఒక్కసారే. మూడోదానికి మళ్లీ మామూలు భూతకాలం. మొదటి కదలికకు, మూడోదానికి వాక్యం తీరు ఒకటే. అందుకే పాఠకుడు మూడోదాన్ని కూడా నమ్ముతాడు.

ఆ మూడు చోట్లా కథలో ఇలా రావచ్చు:

> బస్సు ఆగింది. బెంచి గలగలమంది. కుక్క తోక వణికింది. చందు వేలు పెట్టి ఆపాడు. వేలు కూడా వణికింది.

> ఇంకో బస్సు. ఈసారి చందు చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. తోక వణికింది. తల రోడ్డు వైపు తిరిగినట్టుంది. ఇందాక డబ్బా వైపు కదా ఉన్నది?

> మూడో బస్సు చప్పుడు లేకుండా వచ్చింది, చప్పుడు లేకుండా పోయింది. బెంచి ఊరుకుంది. కుక్క ముందరి కాళ్లు చాపి ఒళ్లు విరుచుకుంది. నడుము మీద వేలిముద్ర సాగింది. బెంచి అంచు దాకా జారి, మెడ నిక్కించి ఫ్లైఓవర్ కిందికి చూసింది. ఎర్ర చీర ఒకటి వస్తోంది. దగ్గరికొచ్చింది. అమ్మ కాదు. కుక్క కూర్చుంది.

మూడో ముక్కలో ‘చందు’ అన్న పేరే లేదని గమనించండి. అప్పటిదాకా ప్రతి వాక్యమూ వాడి కళ్ల గుండానే వచ్చింది. ఇక్కడ వాడు పక్కకు తప్పుకుని కుక్కకు చోటిచ్చాడు. ఎర్ర చీరను చూసి ఆశపడింది ఎవరో, ‘అమ్మ కాదు’ అనుకున్నది ఎవరో పాఠకుడికి చెప్పక్కర్లేదు.

ఐదో అడుగు: ఒక పెద్దమనిషిని మధ్యలోకి రానివ్వండి

ఊహ ఏ అడ్డూ లేకుండా సాగిపోతే తేలిపోతుంది. రెండో బస్సుకూ మూడో బస్సుకూ మధ్యలో ఎవరైనా పలకరించాలి. ‘ఎంత బాగా చేశావురా’ అని మెచ్చుకునే పెద్దమనిషి వద్దు, కథ అక్కడే చల్లబడుతుంది. కొట్టేవాడు, డబ్బా లాక్కునేవాడు కూడా వద్దు, అది వేరే కథ. పట్టించుకోకుండా, మంచిగానే తప్పు మాట్లాడే మనిషి కావాలి.

> “ఏంది బాబూ అది, బర్రెనా?”
> “ఎద్దు, తాతా.”
> “కొమ్ములు అట్ల ఉంటయా ఎద్దుకు? గిట్లుండాలె.” తాత సంచి కింద పెట్టి రెండు వేళ్లు వంచి చూపించాడు. “ఒక్కనివే ఉన్నవా? మీ అమ్మోళ్లేరి?”
> “వస్తది.”
> “ఎప్పుడొస్తది?”
> చందు ఎద్దు కొమ్ములు చూశాడు.

ముసలాయన అడిగిన ఆఖరి ప్రశ్నకు వాడి దగ్గర జవాబు లేదు. ఆయన సంచి తీసుకుని వెళ్లిపోతాడు, ప్రశ్న మాత్రం బెంచి మీదే ఉండిపోతుంది. మూడో బస్సు వచ్చినప్పుడు కుక్క లేవడానికి ఇదే కారణం. ఈ సంభాషణ తీసేసి చదివి చూడండి, కుక్క ఎందుకు లేచిందో అర్థం కాదు.

మాట తీరు గురించి ఒక్క ముక్క. కథనం మామూలు రాతభాషలో ఉన్నా, మనుషులు మాట్లాడినప్పుడు మాసబ్ ట్యాంక్‌లో వినిపించే మాటే రావాలి. అలాగని ప్రతి మాటనూ యాసతో నింపితే వేషం కట్టినట్టుంటుంది. ‘వస్తది’, ‘ఉంటయా’, ‘గిట్లుండాలె’ లాంటి నాలుగైదు చాలు, మిగతాది చెవి తనే పూరించుకుంటుంది.

ఆరో అడుగు: బెంచి మీద మరక ఎన్ని?

ముగింపు రాసే ముందు తేల్చుకోవలసింది ఇదొక్కటే. తడికుక్కను ఎక్కడ నిలబెట్టాడో అక్కడ నాలుగు కాళ్ల మట్టి మరక ఉంటుంది. కుక్క నిజంగా అంచు దాకా జారి ఉంటే ఆ దారంతా చార పడాలి. చార ఉందని రాస్తే ఇది అద్భుతం జరిగిన కథ. లేదని రాస్తే ఊహ జరిగిన కథ. రెండూ రాయదగ్గవే, కానీ ఏదో ఒకటే ఉండాలి. ‘అక్కడేదో సన్నటి గీత ఉన్నట్టుంది’ అని గోడ మీద పిల్లివాటంగా రాస్తే పాఠకుడికి చిరాకు.

మన కథ ఊహది. కాబట్టి చార లేదు. కుక్క పెట్టినచోటే ఉంది. అయితే గంట గడిచింది, మట్టి బెంచిని పట్టేసింది.

అమ్మ పరుగున వస్తుంది. ఎందుకు ఆలస్యమైందో ఒక్క వాక్యంలో చెప్పించండి: “సూపర్‌వైజర్ ఇంకో ఫ్లోర్ తుడిపిచ్చిండు.” అంతకు మించి వివరిస్తే కథ ఆమె వైపు తిరిగిపోతుంది. వెనకే 5కె. “జల్ది, జల్ది” అని ఆమె వాడి చేయి పట్టుకుంటుంది. వాడు డబ్బా తీసుకుని కుక్కను లాగుతాడు. కుక్క వస్తుంది, వెనక కాలొకటి బెంచి మీదే ఉండిపోతుంది. దాన్ని గీకి తీసే టైం లేదు.

బస్సులో జరిగేది నిజం లాగే ఉండాలి. మహాలక్ష్మి పథకం వచ్చాక, అంటే 2023 డిసెంబరు నుంచి, సిటీ ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు జీరో టికెట్. అమ్మ ఆధార్ చూపిస్తుంది. చందు మగపిల్లవాడు, ఐదేళ్లు దాటినవాడు, వాడికి అర టికెట్ కొనాలి. ఇక్కడే ‘మరి కుక్కకు టికెట్ ఎంత?’ అని వాడి చేత అనిపించాలనే చాపల్యం కలుగుతుంది. అనిపించకండి. అది పిల్లవాడి మాట కాదు, పిల్లల చేత ముద్దుగా మాట్లాడించాలనుకునే పెద్దవాళ్ల మాట.

నేనైతే ఇలా ఆపుతాను:

> “కాలేమైంది దానికి?” అంది అమ్మ, డబ్బాలోకి చూసి.
> “ఆడనే ఉంది.”
> “ఏడ?”
> “బెంచి మీద. రేపొస్తం కద.”

‘నేనొచ్చేదాక కదలకు’ అన్న మాటను రోజూ పాటించేది చందు. రేపటి దాకా దాన్ని పాటించేది ఆ మట్టికాలు. కథలో ఈ సంగతి ఎక్కడా విప్పి చెప్పకూడదు. రేపు మళ్లీ ఇదే బెంచి, ఇదే ఎదురుచూపు అని వాడికి తెలుసన్నది ‘రేపొస్తం కద’లోనే ఉంది.

తిరగరాసేటప్పుడు

రాసిన కాగితం తీసుకుని ‘ఊహ’, ‘కల’, ‘అనిపించింది’, ‘ప్రాణం వచ్చినట్టు’ అన్నవాటి కింద గీత గీయండి. రెండో బస్సు దగ్గర ఉన్న ఒక్క ‘ట్టు’ మినహా అన్నీ కొట్టేయవచ్చు. కొట్టేస్తే వాక్యం అర్థం కాకుండా పోతోందంటే, లోపం అక్కడ లేదు, అంతకు ముందు బెంచి అదరడాన్ని మీరు సరిగా చూపించలేదు. అక్కడికి వెళ్లి సరిచేయండి.

తర్వాత బొమ్మలు చేసిన పనులన్నీ విడిగా రాసుకుని, ప్రతిదాని పక్కనా ‘ఇది చందు చేయాలనుకుంటున్నదేనా?’ అని అడగండి. ఎద్దూ మనిషీ మాట్లాడుకునే ఒక సన్నివేశం మీకు ఎంత ఇష్టమైనా, దానికి జవాబు ‘కాదు’ అయితే తీసేయాల్సిందే. మనిషి బొమ్మకు ఈ కథలో దాదాపు పనే లేదని మీరు ఈపాటికి గమనించి ఉంటారు. అది ఒకేఒక్క పని చేస్తుంది: ఎర్ర చీర కనిపించినప్పుడు మెడ తిప్పబోయి, తల ఊడుతుందని ఆగిపోతుంది. ఆ ఒక్కటీ మీ ప్రతిలో పండకపోతే మనిషిని తీసేసి రెండు బొమ్మలతోనే కథ నడపండి, నష్టం లేదు.

మాసబ్ ట్యాంక్ పేరు కథలో ఒక్కసారి వస్తే చాలు. ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఆ పక్కనే ఉంది కాబట్టి అక్కడి విద్యార్థి ఎవరో వచ్చి చందు ప్రతిభను గుర్తించాలని కొందరికి తోస్తుంది. ఆ విద్యార్థిని రానివ్వకండి. వచ్చాడంటే ఇది ఎదురుచూపు కథ కాకుండా బహుమతి కథ అయిపోతుంది.

శీర్షిక చివర పెట్టండి. ‘ఊహల రెక్కలు’, ‘మట్టిలో ప్రాణం’ లాంటివి కథ దాచుకున్నదాన్ని గుమ్మంలోనే చెప్పేస్తాయి. ‘మూడు కాళ్ల కుక్క’ అన్నా ముగింపు బయటపడుతుంది. ‘5కె’ అని పెట్టుకోండి, లేదా ఉత్తినే ‘బెంచి’ అనండి.